కార్ట్‌లో వదిలేసిన వస్తువు గురించి ఎన్నిసార్లు గుర్తు చేయాలి, ఏ మాటలతో?

ప్రశ్న: షూలు, బ్యాగులు అమ్మే ఒక ఆన్‌లైన్ కంపెనీలో తెలుగు మెసేజ్‌లు రాయడం నా పని. మా పండుగ సేల్ మంగళవారం మొదలై ఆదివారం దాకా ఆరు రోజులు నడుస్తుంది. కార్ట్‌లో వస్తువు పెట్టి కొనకుండా వెళ్లిపోయినవాళ్లకు మూడు రిమైండర్లు పోతున్నాయి. అరగంటకి మొదటిది: "అయ్యో! మీ కార్ట్ మర్చిపోయారు! వెంటనే కొనండి!" సాయంత్రం రెండోది: "మీ కార్ట్ మీ కోసం ఏడుస్తోంది, స్టాక్ అయిపోతోంది!" మర్నాడు మూడోది: "చివరి అవకాశం!! ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు!" దాని కింద రెండు బటన్లు: "ఇప్పుడే కొనండి", "వద్దు, నాకు డబ్బు ఆదా చేసుకోవడం ఇష్టం లేదు". మొన్న ఒక కస్టమర్ "నిన్ననే కొన్నాను, ఇంకా ఎందుకు వెంటపడుతున్నారు?" అని జవాబు రాశారు. అది చదివాక నేను రాసిన మాటలే నాకు ఎబ్బెట్టుగా అనిపిస్తున్నాయి. మా మేనేజర్ గారేమో "మెత్తగా రాస్తే ఎవరు కొంటారు? రిమైండర్ల వల్ల ఎన్ని ఆర్డర్లు వచ్చాయో రిపోర్ట్ చూడండి" అంటారు. టార్గెట్ ఆయన మీద ఉంది, ఆయన్ని తప్పు పట్టలేను. వేధించినట్టు కాకుండా గుర్తు చేయడం ఎలా? ఆయన్ని ఒప్పించడం ఎలా?

సమాధానం: మీ మూడు మెసేజ్‌లనూ పక్కపక్కన పెట్టి చదివాను. గొంతు పెద్దదిగా ఉండటం కన్నా పెద్ద లోపం ఒకటి వాటిలో కనిపించింది. మూడింట్లో ఏదీ కస్టమర్‌కి తెలియని విషయం ఒక్కటీ చెప్పడం లేదు. కార్ట్‌లో ఏముందో లేదు, ధర ఏ రోజు దాకా ఉంటుందో లేదు, మొత్తం ఎంతవుతుందో ఎక్కడ చూడాలో లేదు. కొత్త విషయం లేకుండా అదే మాట మూడుసార్లు వినిపిస్తే, ఎంత మర్యాదగా రాసినా అది వేధింపుగానే అనిపిస్తుంది. మాటల్ని మెత్తబరచడం తర్వాతి పని. ముందు ప్రతి మెసేజ్‌కీ ఈ పరీక్ష పెట్టండి: ఇది చదివాక ఆ మనిషికి ఇందాక తెలియనిది ఏం తెలుస్తుంది? జవాబు లేకపోతే ఆ మెసేజ్ అక్కర్లేదు.

"మర్చిపోయారు" అన్న మాట గురించి ఆలోచించండి. ఆన్‌లైన్ దుకాణాల తీరును ఏళ్లుగా పరిశీలిస్తున్న బేమార్డ్ ఇన్‌స్టిట్యూట్, ఎన్నో అధ్యయనాల లెక్కలు కలిపి చూసి, కార్ట్‌లలో దాదాపు 70 శాతం కొనుగోలు దాకా రావని చెబుతోంది. ఇంతమంది మతిమరుపువాళ్లు కారు కదా. చాలామంది ఊరికే చూస్తూ, తర్వాత పోల్చుకోవడానికి గుర్తుగా కార్ట్‌లో పెట్టుకుంటారు. సేల్ రోజుల్లో ఈ అలవాటు ఇంకా ఎక్కువ. ఒకే రకం షూ నాలుగు చోట్ల నాలుగు కార్ట్‌లలో పెట్టి, ఇంట్లో అడిగి, జీతం పడే రోజు చూసుకుని నిర్ణయించుకుంటారు. మరికొందరు చివరి పేజీలో డెలివరీ ఛార్జీ కలిశాక మొత్తం చూసి ఆగిపోతారు. కొనాలనుకునే వచ్చి ఆగినవాళ్లు చెప్పే కారణాల్లో ఈ అదనపు ఖర్చులే మొదట ఉంటాయి. వీళ్లెవరికీ "మర్చిపోయారు" అన్న మాట వర్తించదు. ఆలోచించుకుంటున్న మనిషిని మతిమరుపు మనిషి అంటే చిరాకు పడతారు.

ఈ గుంపులోంచి ఒక రకం వాళ్లను మాత్రం ముందే విడదీయండి: చెల్లింపు దాకా వచ్చి, ఓటీపీ రాకో, బ్యాంకు పేజీ ఆగిపోయో బయటపడినవాళ్లు. వీళ్లు కొనాలని నిర్ణయించుకున్నవాళ్లే. ఆర్డర్ పడిందో లేదో తెలియక కంగారులో ఉంటారు. వీళ్ల విషయంలో అరగంట కూడా ఆలస్యమే, పది నిమిషాల్లో మెసేజ్ వెళ్లాలి. అందులో అమ్మే మాట ఒక్కటీ ఉండకూడదు: "మీ చెల్లింపు పూర్తి కాలేదు, ఆర్డర్ నమోదు కాలేదు. మీరు ఎంచుకున్నవి కార్ట్‌లో అలాగే ఉన్నాయి. మళ్లీ చెల్లించే ముందు, ఖాతాలోంచి డబ్బు తగ్గిందేమో ఒకసారి చూసుకోండి." డబ్బు తగ్గి ఉంటే ఎవరిని అడగాలో దాని కిందే ఇవ్వండి. ఇలాంటి మెసేజ్ వేధింపు అని ఎవరూ అనరు. మీ సాంకేతిక బృందాన్ని అడిగితే "చెల్లింపు విఫలం" అనే గుర్తు సిస్టమ్‌లో విడిగా దొరుకుతుంది. దొరకకపోతే, మీరు చేయించాల్సిన మొదటి మార్పు ఇదే.

ఇక మిగిలినవాళ్ల మాట. బుధవారం రాత్రి తొమ్మిదింటికి ఒకరు నల్ల వాకింగ్ షూ, 8వ సైజు, కార్ట్‌లో పెట్టి వెళ్లిపోయారనుకుందాం. అరగంటకే మెసేజ్ పంపితే ఆ మనిషి ఇంకా మరో సైట్‌లో పోల్చి చూస్తూనే ఉంటారు. వెనకాల నిలబడి తొంగి చూస్తున్నట్టు ఉంటుంది. గురువారం పగలు, లేదా సాయంత్రం తీరిక వేళకు పంపండి. సేల్ ఆదివారం దాకా ఉంది కాబట్టి ఆలస్యం వల్ల నష్టం లేదు. రాత్రి తొమ్మిది దాటాక, పొద్దున తొమ్మిదికి ముందు మాత్రం ఏమీ పంపకండి. ఈమెయిల్ ఇలా ఉండవచ్చు:

"మీరు ఎంచుకున్న వాకింగ్ షూ కార్ట్‌లో ఉంది

నల్ల రంగు, 8వ సైజు. ఈ సైజు ప్రస్తుతం స్టాక్‌లో ఉంది. సేల్ ధర ఆదివారం రాత్రి 11:59 వరకు. డెలివరీ ఛార్జీతో కలిపి మొత్తం ఎంతో కార్ట్‌లోనే కనిపిస్తుంది.

కార్ట్ చూడండి

ఈ సేల్‌లో దీని గురించి ఇక గుర్తు చేయవద్దు"

ఇందులో ఆశ్చర్యార్థకం లేదు, "అయ్యో" లేదు, ఏడుపు లేదు. కార్ట్ ఏడుస్తోందని చెప్పడం సరదాగా అనిపించవచ్చు గానీ, ఆ సరదా మొదటిసారికే సరి. పైగా డబ్బు చూసుకుని వెనక్కి తగ్గిన మనిషి మీద అది అపరాధ భావం మోపుతుంది. "మీరు వదిలేశారు", "మీరు పూర్తి చేయలేదు" అనే వాక్యాల్లో తప్పు చదివేవాళ్ల మీద పడుతుంది. "కార్ట్‌లో ఉంది" అనేది వస్తువు గురించి చెబుతుంది, మనిషి గురించి తీర్పు చెప్పదు. తెలుగులో ఈ మార్పు చాలా తేలిక. వాక్యం మొదట్లో "మీరు" బదులు వస్తువును కర్తగా పెడితే సగం దెప్పిపొడుపు దానంతటదే పోతుంది.

బటన్ మీద "ఇప్పుడే కొనండి" కాకుండా "కార్ట్ చూడండి" అని రాయమన్నది కూడా మర్యాద కోసం మాత్రమే కాదు. ఆ లింకు నొక్కితే నిజంగా తెరుచుకునేది కార్టే. అక్కడ ధర, ఛార్జీ, సైజు చూసుకుని కొనడమో మానడమో చేస్తారు. బటన్ చెప్పింది, తెరుచుకున్నది ఒకటే కావాలి. సమయం "ఆదివారం రాత్రి 12 గంటల వరకు" అని రాయకండి. అది శనివారం దాటిన అర్ధరాత్రా, ఆదివారం దాటిన అర్ధరాత్రా అని సగం మందికి సందేహం వస్తుంది. 11:59 అంటే ఎవరికీ సందేహం ఉండదు.

రెండో బటన్ మాటకొస్తే, "వద్దు, నాకు డబ్బు ఆదా చేసుకోవడం ఇష్టం లేదు" అన్నది వెంటనే తీసేయండి. కాదన్నవాళ్లను చిన్నబుచ్చే ఈ ఎత్తుగడకు ఒక పేరే ఉంది, కన్‌ఫర్మ్ షేమింగ్ అంటారు. డిజైనర్ హ్యారీ బ్రిగ్నల్ 2010లో 'డార్క్ ప్యాటర్న్స్' అనే పేరు పెట్టి, వాడేవాళ్లను మాయచేసే వెబ్ ఎత్తుగడల జాబితా కట్టడం మొదలుపెట్టారు. ఆ జాబితాలో ఇదీ ఒకటి. కొనకపోవడం అవమానపడాల్సిన పని కాదు. "ఇక గుర్తు చేయవద్దు" అనే మామూలు దారి ఇవ్వండి. అది నొక్కినవాళ్లకు ఈ సేల్ రిమైండర్లు మాత్రమే ఆగాలి, ఆర్డర్ వివరాలు, డెలివరీ కబుర్లు ఆగకూడదు. ఆ దారి లేకపోతే వాళ్లు నొక్కేది స్పామ్ బటనే. దాని ఫలితం ఏమిటో కింద చెబుతాను.

"స్టాక్ అయిపోతోంది", "మీ కోసం దాచి ఉంచాం" అనే రెండు మాటల దగ్గర గట్టిగా నిలబడండి. చాలా ఆన్‌లైన్ దుకాణాల్లో వస్తువును కార్ట్‌లో పెట్టినంత మాత్రాన అది ఎవరి పేరునా ఆగదు, డబ్బు కట్టినవాళ్లదే అవుతుంది. మీ సిస్టమ్ నిజంగా కొంతసేపు ఆపి ఉంచితే ఎంతసేపో చెప్పండి. ఆపకపోతే "దాచాం" అనడం అబద్ధం. సాయంత్రం వచ్చి చూసేసరికి ఆ సైజు లేకపోతే ఆ కోపం మీ మీదికే వస్తుంది. స్టాక్ తక్కువ ఉన్నప్పుడు ఆ మాట చెప్పడం తప్పు కాదు, అది నిజంగా ఉపయోగపడే కబురు. కాకపోతే ఆ సైజుకు, ఆ రంగుకు నిజమై ఉండాలి. మెసేజ్ వెళ్లే నిమిషంలో సిస్టమ్ నుంచి తీసిన సంఖ్య కావాలి, పొద్దున తయారుచేసిన జాబితాలోది కాదు. "8వ సైజులో మూడు జతలు ఉన్నాయి" అని రాస్తే చాలు, దానికి "త్వరపడండి" తగిలించక్కర్లేదు. ఆ త్వర చదివేవాళ్లకే తెలుస్తుంది. గురువారం నాడు "చివరి అవకాశం" అనడం మాత్రం పూర్తిగా అబద్ధం, సేల్ ఇంకా మూడు రోజులుంది. ఆదివారం నిజంగా చివరి రోజు వచ్చినప్పుడు ఆ మాటకు విలువ ఉండదు.

పండుగ సేల్‌లో మరో సంగతి ఉంది, చాలామంది దీన్ని గమనించరు. కార్ట్‌లలో ఉన్నవాటిలో చాలా వస్తువులు ఇంట్లోవాళ్లకు ఇవ్వబోయే బహుమతులు. తాళం వేసి ఉన్న ఫోన్ తెర మీద "మీరు చూసిన ఎర్ర హ్యాండ్‌బ్యాగ్ ఎదురుచూస్తోంది" అని పడితే, ఎవరికి కొంటున్నారో ఆ మనిషే చదివేయవచ్చు. అందుకే ఫోన్ నోటిఫికేషన్‌లోనూ ఎస్ఎంఎస్‌లోనూ వస్తువు పేరు, బొమ్మ పెట్టకండి. వివరాలు ఈమెయిల్ లోపల, యాప్ లోపల ఉంచండి. ఈమెయిల్ పైవరుసలో కూడా "వాకింగ్ షూ" దాకా చాలు, రంగూ సైజూ లోపల చాలు. బహుమతి అని కస్టమరే గుర్తు పెట్టి ఉంటే, పైవరుసలోంచి ఆ పేరు కూడా తీసేయండి.

ఎస్ఎంఎస్‌కి తెలుగులో ఇంకో పరిమితి ఉంది. ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక ఎస్ఎంఎస్‌లో 160 అక్షరాలు పడితే, తెలుగు లిపిలో 70 మాత్రమే పడతాయి. అదీ గుణింతపు గుర్తులు, పొల్లులు విడివిడిగా లెక్కవుతాయి. 'స్త్రీ' మన కంటికి ఒక్క అక్షరం, లెక్కలో ఆరు. "మీ కార్ట్‌లో వస్తువు ఉంది. సేల్ ధర ఆదివారం రాత్రి 11:59 వరకు." అనే ఈ చిన్న మెసేజ్ ఖాళీలతో కలిపి 61కి వస్తుంది. లింకుకు తొమ్మిదే మిగులుతాయి, అంటే లింకు పెట్టగానే రెండు ఎస్ఎంఎస్‌ల ఖర్చు. "అయ్యో", "త్వరపడండి" లాంటి మాటలు తీసేయడానికి మీ మేనేజర్‌కి ఈ ఒక్క లెక్క చూపించినా సరిపోవచ్చు.

మీకు జవాబు రాసిన ఆ కస్టమర్ సంగతి మాటలతో సరిదిద్దేది కాదు. ఇది రెండు రకాలుగా జరుగుతుంది. రిమైండర్ల జాబితాను ముందే తయారుచేసి పెట్టి, పంపేముందు కొన్నారో లేదో మళ్లీ చూడకపోవడం ఒకటి. ఫోన్‌లో లాగిన్ కాకుండా కార్ట్‌లో పెట్టి, కంప్యూటర్‌లో లాగిన్ అయ్యి కొంటే సిస్టమ్ వాళ్లను ఇద్దరుగా లెక్కపెట్టడం రెండోది. మొదటిదానికి, పంపే నిమిషంలో ఆర్డర్ల పట్టికను ఒకసారి అడిగే ఏర్పాటు చేయించండి. రెండోదానికి, ఈమెయిల్, ఫోన్ నంబర్ రెండింటిలో ఏది కలిసినా ఒకే మనిషిగా చూడమనండి. అదే వస్తువు కాకపోయినా, ఈ సేల్‌లో ఏదో ఒకటి కొన్నవాళ్లకు రిమైండర్లు ఆపేయమని నా సలహా. నల్ల షూ, గోధుమ రంగు షూ రెండూ కార్ట్‌లో పెట్టి ఒకటి కొన్న మనిషి నిర్ణయం తీసేసుకున్నట్టే. ఆ కస్టమర్‌కి మాత్రం మీరు సొంతంగా రెండు వరుసలు రాయండి: పొరపాటు మాదని, ఆపేశామని. కూపన్ జోడించకండి, అక్కడా అమ్ముతున్నట్టే ఉంటుంది.

ఇప్పుడు మేనేజర్ ముందు పెట్టడానికి మీకు మూడు దారులున్నాయి.

ఒకే రిమైండర్ పంపడం మొదటిది. చిరాకు అన్నిటికన్నా తక్కువ. కానీ బుధవారం చూసి "ఆదివారం చూద్దాంలే" అనుకున్నవాళ్లకు ఆదివారం ఎవరూ గుర్తు చేయరు. వాళ్లలో కొందరు సోమవారం వచ్చి, ధర పెరిగిందని బాధపడతారు. ఆ నష్టం నిజమైనదే.

రెండు పంపడం, అయితే రెండోది ఏదో మారినప్పుడే. ఆదివారం మధ్యాహ్నం "కార్ట్‌లోని షూ సేల్ ధర ఈ రాత్రి 11:59తో ముగుస్తుంది. ఈ సేల్‌లో దీని గురించి ఇదే మా చివరి మెసేజ్" అని పంపవచ్చు. లేదా మధ్యలో ధర తగ్గినా, వాళ్ల సైజు నిజంగా అయిపోవస్తున్నా పంపవచ్చు. "ఇదే చివరిది" అని రాశాక నిజంగా ఆపేయాలి. శనివారం రాత్రి, ఆదివారం కార్ట్‌లో పెట్టినవాళ్లకు ఈ ఒక్కటే వెళ్లాలి, మొదటిది వద్దు. నా మొగ్గు ఈ దారి వైపే. దీనికి కాస్త సాంకేతిక పని పడుతుంది, సేల్ మొదలయ్యాక చేయించడం కష్టం కావచ్చు.

మూడో దారి, మేనేజర్ మూడు మెసేజ్‌ల మీదే పట్టుబడితే. అప్పుడు సంఖ్య గురించి వాదించకండి, మాటలు మార్చడానికి, "ఇక గుర్తు చేయవద్దు" లింకు పెట్టడానికి ఒప్పించండి. మూడూ ఒకే దారిలో కాకుండా ఒకటి ఈమెయిల్, ఒకటి యాప్ నోటిఫికేషన్, ఆఖరిది ఈమెయిల్ అయితే కాస్త నయం. కానీ మూడో మెసేజ్ కోసం కొత్త విషయం దొరక్క చివరికి కూపన్ ఇవ్వాల్సి వస్తుంది, చూడండి. సేల్ ధర మీద మళ్లీ తగ్గింపు ఇస్తే, వెంటనే కొన్నవాళ్లు మోసపోయినట్టు ఫీలవుతారు. తర్వాతి సేల్‌లో తెలివైనవాళ్లు కావాలనే కార్ట్‌లో పెట్టి కూపన్ కోసం ఎదురుచూస్తారు.

రిపోర్ట్ సంగతి. రిమైండర్ వెళ్లాక కొన్నవాళ్లందరినీ ఆ రిపోర్ట్ రిమైండర్ ఖాతాలో వేస్తుంది. మెసేజ్ లేకపోయినా వచ్చి కొనేవాళ్లు అందులో కలిసిపోయి ఉంటారు, సేల్‌లో వాళ్లు చాలామందే ఉంటారు. దీన్ని విడదీయడానికి ఒకే మార్గం, కొందరికి ఏమీ పంపకుండా ఉంచడం. ఉదాహరణకు కార్ట్ వదిలేసిన నాలుగు వేల మందిని లాటరీ పద్ధతిలో రెండు సగాలు చేయండి. రెండు వేల మందికి రిమైండర్ వెళ్లింది, 240 మంది కొన్నారు. మిగిలిన రెండు వేల మందికి ఏమీ వెళ్లలేదు, అయినా 180 మంది కొన్నారు. రిపోర్ట్ 240 అంటుంది, రిమైండర్ నిజంగా తెచ్చింది 60. అంత మందిని వదులుకోవడానికి మేనేజర్ భయపడితే పది మందిలో ఒకరిని పక్కన పెట్టమనండి, ఫలితం తేలడానికి ఎక్కువ కార్ట్‌లు కావాలి, అంతే. తర్వాత ఇదే పద్ధతిలో రెండు మెసేజ్‌ల గుంపును మూడు మెసేజ్‌ల గుంపుతో పోల్చండి. 240కి, 250కి తేడా వస్తే దాన్ని గెలుపు అనుకోకండి, ఆ పది అదృష్టం వల్ల కూడా రావచ్చు. ఈమెయిల్ ఎంతమంది తెరిచారన్న లెక్కనూ నమ్ముకోకండి. 2021లో యాపిల్ తన మెయిల్ యాప్‌లో గోప్యతా రక్షణ తెచ్చాక, మనిషి చూడకపోయినా తెరిచినట్టు నమోదవుతుంది. కొనుగోళ్లు లెక్కపెట్టండి, అదీ వాపసు గడువు ముగిశాక. ఒత్తిడి మీద కొన్న షూ తిరిగి వస్తే అది అమ్మకం కాదు.

మేనేజర్ గారికి నేరుగా తగిలే సంగతి ఇంకోటి ఉంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ పెద్ద ఎత్తున మెయిల్స్ పంపేవాళ్లకు నియమాలు గట్టి చేశాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు ఐదు వేలకు పైగా పంపేవాళ్లు ప్రచార మెయిల్స్‌లో ఒక్క నొక్కుతో ఆపుకునే వీలు ఇవ్వాలి. స్పామ్ అని ఫిర్యాదు చేసేవాళ్లు 0.3 శాతానికి చేరకూడదు, 0.1 శాతం లోపే ఉంచుకోమని గూగుల్ సలహా. 0.3 శాతం అంటే వెయ్యి మెయిల్స్‌కి ముగ్గురు. ఆ హద్దు దాటితే మీ రిమైండర్లే కాదు, అదే డొమైన్ నుంచి వెళ్లే ఆర్డర్ రసీదులు, డెలివరీ కబుర్లు కూడా స్పామ్‌లో పడవచ్చు. సేల్ రోజుల్లో డబ్బు కట్టినవాళ్లకు రసీదు అందకపోతే కస్టమర్ కేర్‌కి ఎన్ని కాల్స్ వస్తాయో మీ మేనేజర్‌కి మీకన్నా బాగా తెలుసు. గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో మీ డొమైన్ ఫిర్యాదుల శాతం రోజువారీగా కనిపిస్తుంది. మూడో రిమైండర్ వెళ్లిన రోజుల్లో ఆ గీత ఎలా ఉందో తీసి, పక్కన పెట్టి మాట్లాడండి. అది పెరగకపోతే ఆయన మాటలోనూ కొంత నిజం ఉన్నట్టే, అప్పుడు మాటల మార్పుతో మొదలుపెట్టండి. పెరిగి ఉంటే మూడో మెసేజ్‌ని ఆయనే ఆపేయమంటారు.